స్లాష్ పక్కన అక్షరం, బాస్ కింద అంకె: కీబోర్డు విద్యార్థికి ఇన్వర్షన్లు చదివే పద్ధతి

కోనసీమ పల్లెల్లో ఆదివారం ఆరాధనకైనా, పాలకొల్లు వైపు పెళ్లి ఆర్కెస్ట్రాకైనా చేతికొచ్చే పాట కాగితం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పాట తెలుగులో, దాని పైన కార్డులు ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ కార్డుల మధ్యలో అక్కడక్కడా C/E, G/B లాంటివి తగులుతాయి. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు చాలామంది స్లాష్ తర్వాతి అక్షరాన్ని వదిలేసి C, G అని వాయించేస్తారు. కార్డు తప్పు కాదు కాబట్టి పాట ఆగదు. కానీ బాస్ మెట్టు మెట్టుగా దిగాల్సిన చోట ఎగిరెగిరి పడుతుంది. పక్కన బాస్ గిటార్ లేని చోట ఆ లోటు తీర్చేవాళ్లు ఎవరూ ఉండరు, ఎందుకంటే అక్కడ బాస్ అంటే మీ ఎడమ చెయ్యే.

ఇదే సంగతిని థియరీ పుస్తకాలు ఇంకోలా రాస్తాయి. బాస్ స్వరం రాసి, దాని కింద 6 అనో, 6 కింద 4 అనో వేస్తాయి. దాన్నే ఫిగర్డ్ బాస్ అంటారు. ఇటలీలో 1600 ప్రాంతంలో వాడుకలోకి వచ్చి, సుమారు నూట యాభై ఏళ్లు ఐరోపాలో కీబోర్డు వాయించేవాళ్లకి రోజువారీ రాతగా ఉండేది. ఏబీఆర్ఎస్ఎం ఆరో గ్రేడు థియరీకి కూర్చునేవాళ్లకి ఇది తప్పదు. స్లాష్, అంకె రెండూ చెప్పేది ఒకే విషయం, అడుగున ఏ స్వరం ఉండాలన్నది. లెక్కపెట్టే పద్ధతే వేరు. తికమక అంతా ఆ తేడా దగ్గరే పుడుతుంది.

కార్డు పేరు వేరు, కార్డు అడుగు వేరు

C మేజర్ కార్డులో మూడు స్వరాలు: C, E, G. C ని స అనుకుంటే స, గ, ప. కార్డుకి పేరిచ్చే స్వరమే రూట్, ఇక్కడ స. స అడుగున ఉంటే రూట్ పొజిషన్. గ అడుగున ఉంటే ఫస్ట్ ఇన్వర్షన్. ప అడుగున ఉంటే సెకండ్ ఇన్వర్షన్. పైన మిగతా స్వరాలు ఏ వరుసలో ఉన్నా, ఎన్నిసార్లు వచ్చినా ఈ పేరు మారదు.

ఇక్కడ ఒక పొరపాటు పదేపదే జరుగుతుంది. C/E చూడగానే విద్యార్థి కుడి చేత్తో E, G, C నొక్కి, ఎడమ చేత్తో C వేస్తాడు. కుడిచేతిలో ఆకారం ఇన్వర్షన్‌దే, వినబడేది మాత్రం రూట్ పొజిషన్. వినేవాళ్ల చెవికి అన్నిటికన్నా కింద మోగిన స్వరమే లెక్క. పక్కన బాస్ గిటార్ ఉంటే, అతను C వేశాడంటే మీరు E వేసినా అది C కార్డే. అందుకే బృందంతో వాయించేటప్పుడు స్లాష్ ఉన్న చోట్లు ముందుగా అతనికి చూపించాలి. స్లాష్ కుడివైపు అక్షరం నిజానికి అతనిదే.

స్లాష్‌ని చదవడం

ఎడమవైపు ఉన్నది కార్డు, కుడివైపు ఉన్నది ఒకే ఒక్క బాస్ స్వరం. D/F# అంటే కుడిచేత్తో D కార్డు, ఎడమచేత్తో F# ఒక్కటే. F# కార్డు కాదు. ఇది వాయించేముందు ఒక ప్రశ్న వేసుకోండి: కుడివైపు అక్షరం ఎడమవైపు కార్డులో ఉందా?

ఉంటే అది ఇన్వర్షన్. D కార్డులో D, F#, A ఉంటాయి కాబట్టి D/F# ఫస్ట్ ఇన్వర్షన్, D/A సెకండ్ ఇన్వర్షన్.

లేకపోతే ఆ బాస్ స్వరం కార్డుకి ఏడోది అవుతుందేమో చూడండి. Am/G లో G స్వరం A మైనర్ కార్డులో లేదు, కానీ A నుంచి లెక్కపెడితే G ఏడోది. అంటే అది Am7 కార్డు థర్డ్ ఇన్వర్షన్. ఇలాంటిది చాలాసార్లు Am, Am/G, F అని దిగే వరుసలో వస్తుంది. బాస్ A నుంచి G మీదుగా F కి నడుస్తుంది.

రెండూ కాకపోతే అది ఇన్వర్షనే కాదు. F/G తీసుకోండి. F కార్డులో F, A, C ఉంటాయి, కింద G బయటి స్వరం. చరణం అయిపోయి పల్లవికి తిరిగొచ్చే చోట G బదులు ఇది రాస్తుంటారు. దీన్ని తిప్పి సర్దాలని చూడకండి. రాసింది రాసినట్టు, ఎడమచేత్తో G, కుడిచేత్తో F కార్డు వాయించాలి.

చేతిరాత కాగితాల్లో ఇంకో రెండు ఉచ్చులుంటాయి. కొందరు స్లాష్‌ని ‘సగం సగం’ అనే అర్థంలో వాడతారు. G/D అంటే ఆ తాళంలో రెండు మాత్రలు G, రెండు మాత్రలు D అని వాళ్ల ఉద్దేశం. కాగితంలో కుడివైపు కూడా మైనర్ గుర్తో, 7 అంకో ఉంటే, ఉదాహరణకి G/Em అని ఉంటే, అది కచ్చితంగా ఈ రకమే. బాస్ స్వరానికి మైనర్, సెవెంత్ ఉండవు. రెండోది, ఫోన్‌లో ఫొటోల మీద ఫొటోలుగా చేతులు మారిన కాగితాల్లో షార్ప్ గుర్తు రాలిపోవడం. D/F# కాస్తా D/F అవుతుంది. D కార్డులోని F#, కింద F రెండూ కలిసి మోగితే చెవికి గుచ్చుకుంటుంది. పాట D స్కేల్లోనో G స్కేల్లోనో ఉండి D/F కనబడితే, ఆ స్కేల్లో F అనేది లేదు కాబట్టి షార్ప్ జారిపోయిందనుకోవడమే సబబు.

అంకెల్ని లెక్కపెట్టడం

ఫిగర్డ్ బాస్‌లో అంకె కార్డు పేరు నుంచి మొదలవదు, బాస్ స్వరం నుంచి మొదలవుతుంది. బాస్‌నే ఒకటిగా లెక్కించాలి. ఆదివారం నుంచి ఆదివారానికి ఎనిమిది రోజులంటామే, అదే లెక్క.

గ అడుగున ఉన్న C కార్డుని చూద్దాం. గ నుంచి ప దాకా లెక్కపెడితే గ, మ, ప, మూడు. గ నుంచి పై స దాకా గ, మ, ప, ద, ని, స, ఆరు. కాబట్టి ఫస్ట్ ఇన్వర్షన్ 6-3. ఇప్పుడు ప అడుగున ఉందనుకోండి. ప నుంచి స నాలుగు, ప నుంచి గ ఆరు. సెకండ్ ఇన్వర్షన్ 6-4. రూట్ పొజిషన్‌లో స నుంచి గ మూడు, స నుంచి ప ఐదు, 5-3. పేజీ మీద పెద్ద అంకె పైన, చిన్నది దాని కింద ఉంటాయి. ఈ వ్యాసంలో వాటి మధ్య అడ్డగీత పెడుతున్నాం.

అన్నీ రాయడం బరువు కాబట్టి పాతవాళ్లు తెలిసినవాటిని వదిలేశారు. ఏ అంకే లేకపోతే 5-3. ఒక్క 6 ఉంటే 6-3. 6-4 ని మాత్రం పూర్తిగా రాస్తారు, లేకపోతే 6-3 తో కలిసిపోతుంది. నాలుగు స్వరాల సెవెంత్ కార్డుకి రూట్ పొజిషన్‌లో 7, ఆపైన వరుసగా 6-5, 4-3, 4-2 వస్తాయి. చివరిదాన్ని ఒట్టి 2 అని కూడా వేస్తారు.

వీటిని బట్టీ పట్టే బదులు రూట్ ఎక్కడుందో వెతికే ఒక చిన్న పద్ధతి ఉంది. మూడు స్వరాల కార్డుల్లో 6 ఒక్కటే ఉంటే బాస్ నుంచి ఆరో స్వరమే రూట్. 6-4 ఉంటే నాలుగోది రూట్. సెవెంత్ కార్డుల్లో ఎప్పుడూ రెండు స్వరాలు పక్కపక్కన ఉంటాయి. ఆ జంటలో పైదే రూట్. 6-5 లో ఆరు, 4-3 లో నాలుగు. 4-2 లో ఆ జంట బాస్, దాని పక్కనున్న రెండో స్వరం, కాబట్టి రెండోది రూట్.

C స్కేల్లో బాస్ B, కింద 6-5 ఉందనుకోండి. B నుంచి ఆరోది G. అంటే G7, అడుగున B, స్లాష్ రాతలో G7/B. సరిచూడాలంటే బాస్ మీద 3, 5, 6 లెక్కపెట్టండి: D, F, G. B తో కలిపితే G7 కార్డు నాలుగు స్వరాలూ వచ్చాయి.

స్లాష్ నుంచి అంకెకి వెళ్లడం దీనికి ఎదురుదారి. A/C# ని అంకెల్లో రాయాలంటే బాస్ C# ని ఒకటి అనుకోండి. C, D, E, కాబట్టి E మూడోది. C, D, E, F, G, A, కాబట్టి A ఆరోది. 6-3 వచ్చింది, 6 అని రాస్తే చాలు. లెక్కపెట్టేది నొక్కే కీలని కాదు, అక్షరాలని. అందుకే బాస్‌ని C# అని రాయాల్సిన చోట D♭ అని రాస్తే లెక్క చెడిపోతుంది. కీబోర్డు మీద కీ ఒకటే అయినా D నుంచి A దాకా లెక్కిస్తే ఐదే వస్తుంది.

ఇంగ్లండు పద్ధతి పుస్తకాల్లో ఇవే Ib, Ic, Vb అని కూడా కనిపిస్తాయి. రోమన్ అంకె స్కేల్లో ఏ మెట్టు కార్డో చెబుతుంది, b అంటే ఫస్ట్ ఇన్వర్షన్, c అంటే సెకండ్. ఇక్కడి b ని ఫ్లాట్ అనుకోకూడదు.

ఒకే అంకెకి రెండు అర్థాలు

పాట కాగితాలకి అలవాటుపడి తర్వాత థియరీ మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునే మార్కులు ఇక్కడే. కార్డు పేరు పక్కనున్న అంకె రూట్ నుంచి లెక్క. బాస్ కింద ఉన్న అంకె బాస్ నుంచి లెక్క. ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఒకటి కావు.

కాగితంలో C6 అంటే C కార్డుకి ఆరోది కలపడం: C, E, G, A. థియరీ పుస్తకంలో బాస్ C కింద 6 అంటే C నుంచి మూడు, ఆరు: C, E, A. అది A మైనర్ ఫస్ట్ ఇన్వర్షన్, మన రాతలో Am/C. అందులో G లేదు. G కలిపి వాయిస్తే పరీక్షలో తప్పే.

7 దగ్గర తేడా ఇంకొంచెం లోతుగా ఉంటుంది. కాగితంలో C7 అంటే C, E, G, B♭, ఆ ఫ్లాట్ ఎప్పుడూ ఉంటుంది. ఫిగర్డ్ బాస్‌లో అంకె స్కేల్లోని స్వరాలనే తీసుకుంటుంది. C స్కేల్లో బాస్ C కింద 7 ఉంటే ఏడో స్వరం B, ఫ్లాట్ కాదు. అంటే మన రాతలో Cmaj7. అదే C బాస్ F స్కేల్లో వస్తే, ఆ స్కేల్లో B♭ ఉంది కాబట్టి C7 అవుతుంది. కాబట్టి అంకె చదివేముందు కీ సిగ్నేచర్ చూడాలి.

ఇంకోటి 4, 3. ఒకదాని కింద ఒకటి నిలువుగా ఉంటే సెవెంత్ కార్డు సెకండ్ ఇన్వర్షన్. పక్కపక్కన అడ్డంగా ఉంటే అది ఇన్వర్షనే కాదు. ముందు నాలుగో స్వరం పట్టి, తర్వాత మూడోదానికి దింపమని అర్థం. బాస్ G కింద 4 3 అడ్డంగా ఉంటే మన కాగితంలో Gsus4, వెంటనే G. నిలువు ఒకేసారి, అడ్డం ఒకదాని తర్వాత ఒకటి.

మైనర్ స్కేల్లో గుర్తులు

A మైనర్ పాటలో E మేజర్ కార్డు వచ్చినప్పుడు G# కావాలి, కీ సిగ్నేచర్‌లో అది లేదు. ఫిగర్డ్ బాస్‌లో అంకె లేకుండా ఒట్టి షార్ప్ గుర్తు ఒక్కటే ఉంటే అది మూడో స్వరానికి. కాబట్టి బాస్ E కింద # ఉంటే E మేజర్.

అదే కార్డు ఇన్వర్షన్‌లో పడితే గుర్తు చోటు మారుతుంది. E/G# లో షార్ప్ బాస్‌కే ఉంది, అది స్టాఫ్ మీద బాస్ స్వరం ముందే కనిపిస్తుంది. కింద అంకె మామూలు 6. ఇక్కడ 6 పక్కన షార్ప్ వేస్తే ఆరో స్వరం E కాస్తా E# అవుతుంది. E/B లో మాత్రం G# బాస్ నుంచి ఆరోది, అందుకని 6 పక్కనే షార్ప్, కింద 4. పాత ముద్రణల్లో అంకెని కొట్టేసినట్టు గీత కనబడితే అది కొట్టివేత కాదు, ఆ స్వరాన్ని అర స్వరం పెంచమని.

ఒక వరుస మొదటి నుంచి చివరి దాకా

ఇప్పటిదాకా చెప్పినదాన్ని చేతికి ఎక్కించడానికి ఈ వరుస చాలు. నెమ్మదిగా నడిచే పాటల్లో ఇలాంటిది తరచుగా తగులుతుంది.

```
C   G/B   Am   C/G   F   C/E   Dm7   G   C
```

మొదట కార్డుల్ని పక్కన పెట్టి బాస్ అక్షరాలు మాత్రమే ఎడమచేత్తో వాయించండి: C, B, A, G, F, E, D, G, C. మధ్య C కి ఒక ఆక్టేవు కిందున్న C తో మొదలుపెట్టి కిందికి దిగాలి. వేళ్లు C స్కేలు దిగేటప్పటివే: బొటనవేలు 1 అనుకుంటే C కి 1, B కి 2, A కి 3, మళ్లీ G కి 1, F కి 2, E కి 3, D కి 4. అక్కడినుంచి G మీద 1, చివరి C మీద 5 వాటంతట అవే పడతాయి. 61 కీల కీబోర్డులో ఆ చివరి C అట్టడుగు కీ. కీబోర్డులోనే ఉన్న చిన్న స్పీకర్లలో అది సన్నగా, దాదాపు వినబడనట్టు మోగితే పై C కి వెళ్లండి. బయటి సౌండ్ బాక్సులు ఉంటే కిందిదే బాగుంటుంది.

బాస్ తొట్రుపడకుండా వచ్చాక అంకెలు రాయండి.

```
C   B   A   G   F   E   D   G   C
    6       6       6   7
            4
```

G/B, C/E ఫస్ట్ ఇన్వర్షన్లు కాబట్టి 6. C/G సెకండ్ ఇన్వర్షన్, 6-4. మిగతావన్నీ రూట్ పొజిషన్, Dm7 కి 7. ఇక్కడ స్కేల్లోని ఏడో స్వరం C నే కాబట్టి Dm7 తో సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు కుడిచెయ్యి. ప్రతి కార్డునీ రూట్ పొజిషన్‌లో పట్టుకుని చేతిని అటూ ఇటూ గెంతిస్తే బాస్ ఎంత అందంగా నడిచినా పైన గందరగోళమే. మధ్య C పక్కనున్న E నుంచి మొదలుపెట్టి ఇలా పట్టండి. స్వరాలు కింద నుంచి పైకి రాశాం.

```
C    : E G C
G/B  : G D
Am   : E A C
C/G  : E C
F    : F A C
C/E  : G C
Dm7  : F A C
G    : D G B
C    : E G C
```

అన్నిటికన్నా పై స్వరం చూడండి: C, D, C, C, C, C, C, B, C. చెయ్యి దాదాపు కదలదు, కింద బాస్ మాత్రం ఆరు మెట్లు దిగుతుంది. ఈ వరుసకి రుచి అక్కడినుంచే వస్తుంది.

స్లాష్ ఉన్న మూడు చోట్లా కుడిచేతిలో రెండే స్వరాలున్నాయి. బాస్‌లో ఉన్న స్వరాన్ని పైన మళ్లీ వాయించలేదు. G/B దగ్గర ఇది చాలా అవసరం. B ఈ స్కేల్లో ని, పై స కోసం లాగే స్వరం. కింద B, పైన B రెండూ పెడితే ఆ లాగుడు రెట్టింపై కార్డు పుల్లగా వినిపిస్తుంది. ఇక C/G లో పైన G కూడా పెడితే, ముందున్న Am లోని A ఎడమచేతిలో ఒకటి, కుడిచేతిలో ఒకటి, రెండూ కలిసి G కి దిగుతాయి. రెండు గొంతులు ఒకే దారిన నడిచి ఒక గొంతైపోతాయి, కార్డు అక్కడ పలచబడుతుంది. C/E లో E ని C కి పైన కలిపితే అంత నష్టం లేదు. బృందం పెద్దదై శబ్దం ఎక్కువ కావాలంటే కలపవచ్చు.

ఇదంతా వాయించేటప్పుడు ఎడమచేత్తో ఒక్క స్వరమే, మహా అయితే దాని ఆక్టేవు. మధ్య C కి ఒక ఆక్టేవు కిందికి వెళ్లాక అక్కడ మూడు స్వరాల కార్డు దగ్గరదగ్గరగా పట్టుకుంటే స్వరాలు విడివిడిగా వినబడవు, ఒకటే బురబుర. ఇన్వర్షన్ సరిగ్గా వాయించినా తప్పు వాయించినట్టు ఉంటుంది. ‘ఇన్వర్షన్లు నా కీబోర్డులో బాగుండవు’ అనేవాళ్ల చేతిని చూస్తే చాలాసార్లు కారణం ఇదే.

6-4, 4-2 దగ్గర జాగ్రత్త

ఫస్ట్ ఇన్వర్షన్‌ని ఎక్కడ పెట్టినా దాదాపు నిలబడుతుంది. సెకండ్ ఇన్వర్షన్ అలా కాదు. బాస్ మీద నాలుగో స్వరం ఉండటంతో అది ఒక చోట కుదురుగా ఉండదు, ఎటో కదలాలనిపిస్తుంది. పాటని C/G మీద ఆపి చూడండి, ముగిసినట్టు అనిపించదు. పై వరుసలో C/G చెల్లింది, ఎందుకంటే బాస్ A నుంచి F కి నడుస్తూ G మీద కాలు మోపి వెళ్లిపోయింది.

6-4 కి అసలైన చోటు ముగింపు. C/G, G, C అని వస్తుంది. C/G బలమైన మాత్ర మీద, G దానికన్నా బలహీనమైన మాత్ర మీద పడాలి. తిరగేస్తే ముగింపు పట్టు పోతుంది.

```
G   G   C
6   5
4   3
```

అంకెల్ని అడ్డంగా చదవండి: ఆరోది ఐదోదానికి దిగుతుంది, నాలుగోది మూడోదానికి దిగుతుంది. కుడిచేతిలో G, C, E పట్టి, G ని కదపకుండా E ని D కి, C ని B కి దించితే అదే. ముందు చెప్పిన సూత్రానికి ఇది మినహాయింపు. ఇక్కడ బాస్‌లోని G పైన కూడా ఉంటేనే నిలకడ. స్లాష్ రాతలో ఇవి రెండు వేర్వేరు కార్డుల్లా కనిపిస్తాయి. అంకెల రాతలో ఒకే బాస్ మీద రెండు స్వరాలు దిగడం కళ్లకి కడుతుంది. ఈ ఒక్క చోట అంకెలే మేలు.

G7/F, అంటే 4-2, ఇంకా మొండిది. బాస్‌లో ఉన్న F ఏడో స్వరం, అది ఒక మెట్టు కిందికి, E కే దిగాలి. కాబట్టి తర్వాతి కార్డు C/E అవుతుంది. కాగితంలో G7/F తర్వాత ఒట్టి C ఉంటే, రాసినవాళ్లు స్లాష్ మరిచిపోయారేమో ఆలోచించండి. రెండూ వాయించి చూస్తే చెవే చెబుతుంది.

ఆటో స్టైల్ వేసుకుని వాయించేవాళ్లకి

ఎడమచేత్తో కార్డు పట్టి రిథమ్ స్టైల్ నడిపేవాళ్లు E, G, C అని ఎంత శ్రద్ధగా నొక్కినా స్టైల్లోని బాస్ C మీదే మోగవచ్చు. తప్పు మీ వేళ్లలో లేదు. మామూలు సెట్టింగులో కీబోర్డు కార్డు పేరు మాత్రమే పట్టుకుని బాస్‌కి రూట్ ఇచ్చేస్తుంది. ఫింగరింగ్ సెట్టింగు మార్చాలి. యమహా పెద్ద మోడళ్లలో దాని పేరు `Fingered On Bass`, కేసియోలో ఆ సౌకర్యం ఉన్నవాటిలో `FINGERED 3`, రోలాండ్ అరేంజర్లలో `Bass Inversion`. చిన్న మోడళ్లు కొన్నింటిలో ఇది ఉండదు. అప్పుడు స్లాష్ ఎక్కువున్న పాటకి స్టైల్ ఆపి, ఎడమచేత్తో బాస్ వాయించుకోవడమే దారి.

సెట్టింగు మార్చాక ఎదురు తప్పు మొదలవుతుంది. చేతికి దగ్గరని మామూలు C ని కూడా G, C, E గా పట్టుకునే అలవాటు ఉంటే బాస్ ఇప్పుడు G మీద మోగుతుంది. ఈ సెట్టింగులో స్లాష్ లేని ప్రతి కార్డునీ రూట్ అడుగున పెట్టే పట్టుకోవాలి. కార్డులోని స్వరాలన్నీ స్ప్లిట్ హద్దుకి ఎడమవైపే ఉండాలి. చాలా మోడళ్లలో ఆ హద్దు మధ్య C కి కిందున్న F# దగ్గర ఉంటుంది. నొక్కిన వెంటనే తెర మీద పడే పేరు చూడండి. C/E అని పడాల్సిన చోట C అని పడితే సెట్టింగు మారలేదు. Em లాంటిది పడితే ఏదో ఒక స్వరం హద్దు దాటింది, లేదా వేలు తప్పింది.

స్కేలు మారినప్పుడు

పాడేవాళ్లు రెండు అర స్వరాలు పైకి ఎత్తమంటే చాలామంది ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కుతారు. అది పనిచేస్తుంది, కానీ బాస్ గిటార్ అతనికి మీరు ‘C/E’ అని చెబితే అతను E వేస్తాడు, మీ కీబోర్డులో మోగుతున్నది F#. చెప్పేటప్పుడు మోగుతున్న స్వరం పేరే చెప్పాలి.

బటన్ లేకుండా మార్చాలంటే అంకెల రాత అక్కరకొస్తుంది. పై వరుసని D కి మార్చాలంటే బాస్ అక్షరాలు మాత్రం మారుతాయి: D, C#, B, A, G, F#, E, A, D. అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి: రెండోదానికి 6, నాలుగోదానికి 6-4, ఆరోదానికి 6, ఏడోదానికి 7. వాటి నుంచి స్లాష్ రాసుకుంటే ఇది వస్తుంది.

```
D   A/C#   Bm   D/A   G   D/F#   Em7   A   D
```

ముందు దీన్ని చూడకుండా G స్కేల్లో మీరే రాయండి. బాస్ G, F#, E, D, C, B, A, D, G. అంకెలు అవే. ఆరో స్వరం, నాలుగో స్వరం పద్ధతితో రూట్లు వెతికితే రెండోది D/F#, నాలుగోది G/D, ఆరోది G/B, ఏడోది Am7 రావాలి. రెండో చోట D/F అని వచ్చిందంటే కీ సిగ్నేచర్‌లోని షార్ప్‌ని వదిలేసి లెక్కపెట్టారన్నమాట.